తాళంచెవి వద్దన్న మనిషి

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, ఫ్యాక్టరీలోనూ అంటారు. అననివ్వండి. లెక్కలు చూసే మనిషికి అనుమానం కాక ఇంకేముండాలి, జాలా? బిల్లు మీద సంతకం సరిగ్గా ఉంటే ఎందుకింత సరిగ్గా ఉందని చూస్తాను. వంకరగా ఉంటే ఎందుకు వంకరగా ఉందని చూస్తాను. ఇత్తడి కుళాయిలూ వాల్వులూ చేసే మా ఫ్యాక్టరీలో అకౌంట్స్ నావి. అందరూ మేడం అంటారు, వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు.

నేను చెప్పబోయేది మా సర్వరయ్య సంగతి. అసలు పేరు అందరూ మర్చిపోయారు, అతను కూడా మర్చిపోయాడేమో. మా చెల్లెలి మొగుడు, అంటే నాకు మరిది. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఇప్పించానన్న మాటే గానీ, ఆ తర్వాత ఒక్కరోజు కూడా అతని వైపు మాట్లాడలేదు. బంధువుని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటే నేను పడలేను. ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వస్తే అతను నన్ను మేడం అనేవాడు, నేను అతన్ని ఏమీ అనేదాన్ని కాదు.

రెండు వందల మంది పనిచేసే చోట కంప్యూటర్లు తెలిసిన మనిషి అతనొక్కడే. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా అతనే, గేటు దగ్గర కెమెరా ఆగినా అతనే. అన్నిటికంటే ముఖ్యం మెట్ల కింద ఏసీ గదిలో ఉండే సర్వరు. దాన్లోనే మా ఈఆర్‌పీ నడిచేది. కొనుగోళ్లు, స్టోర్సు, తయారీ, అమ్మకాలు, నా లెక్కలు, అన్నీ ఒకే ప్రోగ్రాంలో. ఆ గది తాళంచెవి అతని నడుముకి వేలాడుతుండేది. అతను నడుస్తుంటే గలగలమని వినబడేది. "అదిగో, ఇంటి కోడలు వస్తోంది" అని ఇత్తడి చెక్కే లేతు మెషిన్ల దగ్గర కుర్రాళ్లు నవ్వుకునేవారు.

ఆ సర్వరు ముసలిదైపోయింది. దానికి విడిభాగాలు ఇక ఇవ్వమని తయారీదారు చెప్పేశాడు. ప్రోగ్రాం రాసిచ్చిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త సర్వరు కొని, కొత్త ఈఆర్‌పీ మన గదిలోనే పెట్టుకోవాలా, లేక క్లౌడ్‌కి వెళ్లాలా, అంటే వాళ్ల సర్వర్లలో మన డేటా పెట్టి, నెలనెలా చందా కడుతూ ఇంటర్నెట్ మీద వాడుకోవాలా, ఏదో ఒకటి తేల్చాలని ఓనరుగారు మీటింగు పెట్టారు.

సర్వరయ్య కొత్త సర్వరే అడుగుతాడని అందరం అనుకున్నాం. ఎందుకనుకోం? సర్వరు ఉంటేనే కదా సర్వరయ్య. కానీ అతను లేచి నిలబడి, "క్లౌడే మంచిదండి" అని కూర్చున్నాడు.

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కునే మనిషిని చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత అనుమానం వస్తుంది. నాకు అనుమానమే ముందొచ్చింది.

"మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టుంది" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. అతన్ని సైరన్ అంటారు, షెడ్డు ఆ చివర గొంతెత్తితే ఈ చివర మెషిన్లు ఆగుతాయి. "మన సొమ్ము మన ఇంట్లో ఉండాలి గానీ ఎక్కడో పరాయి ఊళ్లో ఎవడి దగ్గరో పెట్టడమేంటి సార్? ఇందులో ఏదో ఉంది."

ఇందులో ఏదో ఉందని నాకూ అనిపించింది. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. కిందటి నెల ఆడిటర్లు వచ్చి స్టోర్సులో సరుకు లెక్కపెడితే ఇత్తడి కడ్డీలు తగ్గాయి. కొంచెం కాదు, బాగా. కంప్యూటరు ఉన్నాయంటోంది, రాక్‌ల మీద లేవు. కంప్యూటర్లో అంకెల్ని లోపలి నుంచి మార్చగలిగేది ఒక్కడే. సైరన్ ఆ మాట గట్టిగా అనలేదు. గట్టిగా మాట్లాడేవాడు మెల్లగా అంటే అందరికీ ఇంకా బాగా వినబడుతుంది.

మీటింగు అయ్యాక ఓనరుగారు నన్ను ఉండమన్నారు.

"మీ మరిదే కదమ్మా. ఆ క్లౌడ్ కంపెనీ వాళ్ల దగ్గర ఏమన్నా తింటున్నాడేమో కనుక్కోండి."

"మా వాడని నన్నడుగుతున్నారా, మా వాడైనా చెప్తాననా?"

"మీరైతే వదలరని" అన్నారాయన. తర్వాత అద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు, "తిన్నాడని తేలితే పంపేస్తా. తేలకపోయినా క్లౌడ్ వచ్చాక అతనితో పనేముంది? కాకపోతే కడ్డీల మచ్చతో పంపాలా, మంచిగా పంపాలా అన్నదే."

అంటే ఎటు చూసినా ఉద్యోగం పోతుంది, మచ్చ ఒక్కటే తేలాలి. దొంగ అన్న పేరుతో ఈ ఊళ్లో ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు. మా చెల్లికి ఇద్దరు ఆడపిల్లలు, చదువుకుంటున్నారు. అయినా కనుక్కుంటానని చెప్పి బయటికొచ్చాను.

చెల్లిని ఫోన్లో అడిగాను. అడిగిందే తడవు ఏడుపు.

"ఏమోనే అక్కా, ఫోన్ వస్తే చాలు డాబా మీదికి పోతున్నాడు. గంటలు గంటలు. ఎవరంటే 'పని' అంటాడు. ఎవత్తినన్నా తగులుకున్నాడేమో."

"నోరు ముయ్యి! ఆ మొహానికి అదొకటా!" అన్నాను. అన్నానే గానీ ఆడది కాకపోతే కమిషన్ అయ్యుంటుందని మనసులో అనుకున్నాను. ఆ వారంలోనే మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర అతన్ని చూశాను. పక్కనే క్లౌడ్ కంపెనీ సేల్స్ మనిషి. ఎండలో కూడా టై విప్పడు, అందుకే అతనికి టై అని పేరు పెట్టేశాం. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి సర్వరయ్య గ్లాసు కింద పెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

ఇక ఆగలేదు. మర్నాడు పొద్దున్నే మెట్ల కింది గదికి వెళ్లి తలుపు వేశాను. లోపల చలి, ఫ్యాన్ల రొద. ఒక్క కుర్చీ. అతను లేచాడు, నేను కూర్చోలేదు.

"ఎంత తిన్నావయ్యా?"

"ఏంటి మేడం?"

"మేడమూ లేదు గీడమూ లేదు. ఆ టై వాడి దగ్గర ఎంత తిన్నావు? ఇత్తడి కడ్డీలు ఏం చేశావు? నాతో చెప్పు. అబద్ధం చెప్తే మాత్రం నా చెల్లెలి మొహం కూడా చూడను."

అతనికి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఫ్యాక్టరీ లోపల మొట్టమొదటిసారి, "ఇలా రండి వదినగారూ" అన్నాడు.

స్క్రీన్ మీద ఏదో తెరిచాడు. "ఇది అసలుది కాదు, నకలు. పరీక్షలకి పెట్టుకున్నా, భయపడకండి. కడ్డీలు ఎన్నున్నాయో చూశారా?" చూశాను. ఒక లైను టైపు చేశాడు. అంకె మారిపోయింది. ఇంకో లైను కొట్టాడు. "ఇప్పుడు ఎవరు మార్చారో ఆ రికార్డు కూడా లేదు. చెరిపేశా. ఇప్పుడు చెప్పండి, నేను అసలు దాంట్లో ఎప్పుడైనా ఇలా చేశానో లేదో మీరెలా కనుక్కుంటారు?"

ఇన్నేళ్లూ నేను బిల్లుల మీద సంతకాలు పట్టిపట్టి చూశాను గానీ, ఆ బిల్లుల అంకెల కింద ఇలాంటి దొడ్డిదారి ఒకటుందని ఆలోచించలేదు.

"చేశావా?" అన్నాను.

"చేశా. నా కోసం కాదు. నెలాఖరు వస్తే షెడ్డు నుంచి ఫోన్. 'స్టోర్సులో ఎంట్రీ తప్పు పడిందయ్యా, నాలుగు కడ్డీలు తగ్గించు.' సర్దేవాణ్ణి. అందరికీ అలవాటైపోయింది, సర్వరయ్యకి ఒక్క ఫోన్ కొడితే సర్దేస్తాడని. ఓనరుగారికీ తెలుసు, చిన్న చిన్నవే కదా అన్నారు. ఈమధ్య చిన్నవి కావట్లేదు. ఎందుకు తగ్గుతున్నాయని అడిగితే 'నీకెందుకు' అన్నాడా మేనేజరు. అప్పట్నుంచి సర్దడం మానేశా. సర్దకపోయేసరికి తేడా బయటపడింది. ఇప్పుడు నేనే దొంగనంటున్నారు."

"ఈ మాట మీటింగులో చెప్పొచ్చుగా!"

"ఎలా నమ్ముతారు? తాళంచెవి నా నడుముకుంది. నేను తియ్యలేదని చూపించడానికి నా దగ్గర ఉన్న రికార్డు కూడా నేను మార్చగలిగిందే."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి దొంగ కానివాణ్ణి కూడా ఈశ్వరుడు కాపాడలేడని అప్పుడు తెలిసింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "అయితే క్లౌడ్‌లో మార్చలేరా?" అని అడిగాను.

"డేటా వెనక తలుపు మనకివ్వరు. నాకే కాదు, ఎవరికీ. తప్పు పడితే ముందు తలుపు నుంచే సవరణ ఎంట్రీ వెయ్యాలి, ఎవరు వేశారో పేరు పడుతుంది. ఆ పేరు నేను చెరపలేను. ఇక్కడా అలా చెయ్యొచ్చు వదినగారూ, చెయ్యలేమని కాదు. రికార్డులు వేరే మనిషి చేతిలో ఉండాలి, సర్వరు ఇంకో మనిషి చేతిలో ఉండాలి. ఉన్నది నేనొక్కణ్ణి. నన్ను నేనే కాపలా కాసుకోవాలా?"

"డాబా మీద ఫోన్లు?"

"క్లౌడ్‌కి మారిన ఫ్యాక్టరీల్లో నాలాంటోళ్లు ఇద్దరున్నారు. వాళ్లకి తీరిక దొరికేది సాయంత్రమే. ఎక్కడ దెబ్బతిన్నారో అడుగుతున్నా."

"టీ?"

"నా టీకి నేనే ఇచ్చా. వాడి టీకి కూడా" అన్నాడు. అప్పుడు మాత్రం కొంచెం కోపం కనిపించింది.

నమ్మానా? సగం. మిగతా సగం టై డెమో ఇచ్చే రోజు కోసం దాచుకున్నాను. ఆ రోజు మీటింగు గదిలో తెర వెలిగింది, రంగురంగుల పటాలు. టై మాట తేనె. బ్యాకప్పులు మేమే చూసుకుంటాం, రక్షణ అప్‌డేట్లు మేమే వేస్తాం, మీరు నిశ్చింతగా కుళాయిలు చేసుకోండి అన్నాడు. కమిషన్ తిన్నవాడైతే సర్వరయ్య తలూపాలి కదా. అతను కాగితం తీసి మొదలుపెట్టాడు.

"మేం మానేస్తే మా డేటా ఏ రూపంలో ఇస్తారు? వేరే ప్రోగ్రాంలో తెరుచుకుంటుందా? ఎన్నాళ్లలో?"

"తప్పకుండా ఇస్తామండి, మా పాలసీలో..."

"పాలసీలో కాదు, మా అగ్రిమెంటులో రాయండి. చందా పొడిగించేటప్పుడు ఎంతకు మించి పెంచరు? అదీ రాయండి. బ్యాకప్ తీస్తామన్నారు, తిరిగి ఎక్కించి ఎప్పుడైనా చూశారా? ఆ రిపోర్టు మాకు చూపిస్తారా?"

టై తన టై ముడి సవరించుకున్నాడు. సైరన్ అందుకున్నాడు, "ఇంటర్నెట్ పోతే లారీ గేటు దగ్గర ఆగిపోద్దా?"

దానికీ జవాబు సర్వరయ్యే ఇచ్చాడు. "పోతుంది సార్, తప్పకుండా పోతుంది. అందుకే రెండు వేర్వేరు కంపెనీల లైన్లు తీసుకోవాలి, ఒకటి కేబులు, ఒకటి టవరు. రెండూ పోతే గేటు పాసు చేత్తో రాసి లారీని పంపి, లైను వచ్చాక ఎక్కించాలి. స్టోర్సు స్కానర్లు ఎంట్రీలు దాచుకుని తర్వాత పంపేవి కొనాలి. మెషిన్లకీ దీనికీ సంబంధం లేదు, నెట్ పోయినా లేతు తిరుగుతుంది."

"మన స్క్రీన్లు? మనకోసం చేయించుకున్నవి అన్నీ?"

"చాలావరకు పోతాయి సార్. వాళ్ల పద్ధతికి మనం మారాలి. అది నష్టమే, నేను కాదనను."

తన పక్షాన్ని తనే ఇన్ని పోట్లు పొడిచే మనిషి అమ్ముడుపోయాడంటే నేనైతే కొనను. మిగతా సగం కూడా ఆ రోజే నమ్మేశాను. కానీ నేను నమ్మితే ఏం, నేను అతని వదినని.

సర్వర్లు అమ్మే ఆయన కూడా వచ్చాడు. నున్నటి పెట్టెల ఫోటోలు చూపించాడు. ఫోన్ చేస్తే మా మనిషి నగరం నుంచి వచ్చేస్తాడన్నాడు. "వచ్చి పెట్టె బాగుచేస్తాడా, లోపలి ప్రోగ్రాం కూడానా?" అని నేనడిగాను. "పెట్టె వరకేనండి" అన్నాడు.

ఓనరుగారు ఎటూ తేల్చుకోలేక గడ్డం గోక్కుంటుంటే సర్వరయ్య ఒక మాట అడిగాడు. "ఆదివారం షెడ్డు సెలవు కదండి. సర్వరు కాలిపోయిందనుకుందాం. నేనూ లేననుకుందాం. బ్యాకప్ నుంచి పాత కంప్యూటర్ మీద అంతా తిరిగి లేపాలి. ఎలా చెయ్యాలో కాగితం మీద రాసిస్తా. మేనేజరుగారూ మేడమూ చెయ్యాలి. నేను బయట కూర్చుంటా."

"ఓస్ ఇంతేనా!" అన్నాడు సైరన్.

ఆ ఆదివారం నేను జన్మలో మర్చిపోను. గదిలో సైరన్, నేను, ఒక పాత కంప్యూటరు. తలుపు దగ్గర స్టూలు మీద ఓనరుగారు. సర్వరయ్య బయట మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఓనరుగారి బీరువాలోంచి పాస్‌వర్డుల కవరు తెప్పించాం. మొదటి పాస్‌వర్డు తప్పంది. రెండోసారి తప్పంది. అది సున్నా కాదు, ఇంగ్లీషు ఓ అక్షరమని నేను చెప్తే సైరన్ వినడే! చివరికి నేనే కొట్టాను, తెరుచుకుంది. అక్కణ్ణుంచి కాసేపు బాగానే సాగింది. సైరన్ మీసం దువ్వుకున్నాడు కూడా. అంతలో ఎర్ర అక్షరాలు. డేటా పెట్టవలసిన చోటు ఈ మెషీన్లో లేదంటోంది.

"చోటు లేకపోవడమేంటి, ఇంత ఖాళీ ఉంది కదా!" అని సైరన్ కంప్యూటర్ మీద అరిచాడు. కంప్యూటరు లేతు ఆపరేటరు కాదు కదా, భయపడలేదు. కాగితం తిరగేశాం. అందులో దానికీ ఒక వాక్యముంది, చదివాం, మళ్లీ చదివాం, ఇద్దరికీ అర్థం కాలేదు. మధ్యాహ్నం భోజనాలు కూడా ఆ గదిలోనే అయ్యాయి. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

"వీడు కావాలనే కష్టంగా రాశాడు సార్" అన్నాడు సైరన్, చెమట తుడుచుకుంటూ. ఆ చలిగదిలో చెమట!

"అయితే నువ్వు సులువుగా రాసివ్వు" అన్నారు ఓనరుగారు. తర్వాత తలుపు తీసి సర్వరయ్యని పిలిచారు. అతను వచ్చి, డేటాని ఇంకో చోటికి మళ్లించే లైను కొట్టాడు. సాయంత్రానికి నా లెక్కలన్నీ తెర మీదికి తిరిగొచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఓనరుగారు స్టూలు మీంచి లేవలేదు. "రేపు నువ్వు బస్సు కింద పడితే నా ఫ్యాక్టరీ ఎన్నాళ్లు ఆగుతుంది?" అని అడిగారు.

"అదే కదండీ నేనడిగేది" అన్నాడు సర్వరయ్య. "కొత్త సర్వరు కొనండి, వద్దనను. కొంటే ఇంకో ఇద్దర్ని పెట్టండి. పెట్టినా వాళ్లు మన ఊళ్లో ఉండరు, పని నేర్చుకుని నగరానికి పోతారు. ఇదివరకు ముగ్గురు పోయారు."

క్లౌడే అని ఆ సాయంత్రం తేలిపోయింది. కడ్డీల సంగతి మాత్రం తేలలేదు. మారడానికి నెలలు పట్టింది. పాత డేటా శుభ్రం చెయ్యడం, స్టోర్సు వాళ్లకి నేర్పడం, నాతో రోజూ పోట్లాట. ఆ నెలలన్నీ సర్వరయ్య ఉద్యోగం పోబోయే మనిషిలాగే తిరిగాడు. తన చేత్తో తన పని తగ్గించుకుంటూ, గేటు దగ్గర సెక్యూరిటీ వాడు తన సంచీ తెరిచి చూస్తే నోరెత్తకుండా. రోజూ చూసేవాడు. సైరన్ చెప్పాడట చూడమని. నా చెల్లి ఇంట్లో ఏడుస్తుండేది, ఇప్పుడు ఎవత్తి గురించో కాదు.

కొత్తది నడవడం మొదలైంది. ఒక వాల్వుకి ఎంత కడ్డీ పట్టాలో దానికి ముందే తెలుసు. అంతకు మించి అడిగితే కారణం చెప్పమంటుంది, అడిగినవాడి పేరు రాసుకుంటుంది, లేకపోతే ఇవ్వనంటుంది. ఇలా పెట్టించాలని సర్వరయ్యా నేనూ ఓనరుగారి దగ్గర పట్టుబట్టి సాధించాం. మొదటి నెలాఖరున సైరన్ ఫోన్ తీశాడు. నేను స్టోర్సులోనే ఉన్నాను, విన్నాను.

"ఏయ్ సర్వరయ్యా, కడ్డీలు ఇవ్వట్లేదిక్కడ. కొంచెం సర్దెయ్!"

"నా చేతిలో లేదు సార్" అన్నాడు సర్వరయ్య. ఆ గొంతులో సంతోషం ఫోన్లోంచి కూడా వినబడింది. "కారణం కొట్టండి, ఇచ్చేస్తుంది."

లారీ ఆగిపోయేలా ఉంది. సైరన్ కారణం కొట్టక తప్పలేదు. చెడిపోయిన పీసులు మళ్లీ చెయ్యడానికి. తర్వాతి వారం మళ్లీ అదే. మూడో నెల వచ్చేసరికి ఆ కారణాల వరస ఓనరుగారి తెర మీద అంత పొడుగుంది. అప్పుడు బయటపడింది. ఒక పాత లేతు కొలత తప్పి, వాల్వులు చెడగొడుతోంది. ఎన్నాళ్లుగానో. చెడిపోయాయని చెప్తే తన షెడ్డు పేరు పోతుందని సైరన్ ఎవరికీ చెప్పకుండా ఎక్కువ కడ్డీలు లాగి మళ్లీ చేయించేవాడు. చెడినవి ఇత్తడి పొట్టుతో కలిపి తుక్కు కింద తూకానికి వెళ్లిపోయేవి. కడ్డీలు ఎవరూ ఎత్తుకుపోలేదు. మా చేతులతో మేమే తుక్కులో పోశాం.

సైరన్ మొహం చూడాలి! ఓనరుగారు అతన్ని తియ్యలేదు, లేతు మార్పించారు. లేతు మార్చమని ముందే అడిగి ఉంటే సరిపోయేది కదయ్యా అన్నారు. సైరన్ చాలా రోజులు మామూలు గొంతుతో మాట్లాడాడు.

చివరి మీటింగు అధికారాల గురించి. క్లౌడ్ అయినా ఎవరికి ఏ తలుపు తెరవాలో నిర్ణయించే పెద్ద తాళం ఒకటి ఉంటుంది. కొత్త మనిషి వస్తే చేర్చడం, పోతే తీసెయ్యడం, ఎవరు ఏ ఎంట్రీ వెయ్యొచ్చో చెప్పడం, అదంతా. స్కానర్లూ లైన్లూ మనుషులకి నేర్పడమూ ఇవన్నీ సర్వరయ్య లేకపోతే ఎవరు చూస్తారని ఓనరుగారికి ఈపాటికి తెలిసొచ్చింది. పంపేస్తానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

"పెద్ద తాళం నీ దగ్గరే ఉండాలయ్యా" అన్నారు ఓనరుగారు. "నిన్ను అనవసరంగా అనుమానించాం. ఇప్పుడు నమ్ముతున్నాం."

"అవునవును" అన్నారందరూ. సైరన్ కూడా అన్నాడు.

సర్వరయ్య లేచి నిలబడ్డాడు. "వద్దండి. నా ఒక్కడి దగ్గర పెట్టకండి. మార్పు నేను అడుగుతా, ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే జరగాలి. ఆ రెండో మనిషి మేడం."

నేను గబుక్కున లేచాను. "నేనా? మనం బంధువులం! రేపు లోకం ఏమంటుంది?"

"నెలనెలా మార్పుల జాబితా ఓనరుగారికీ ఆడిటర్లకీ వెళ్లేలా పెడదాం. లోకం అక్కడ చూసుకుంటుంది" అన్నాడు. తర్వాత ఓనరుగారి వైపు తిరిగాడు. "అయ్యా, ఈ ఫ్యాక్టరీలో అందరూ నన్ను దొంగని వెనకాల అనుకున్నారు. గదిలోకొచ్చి, తలుపేసి, ఎంత తిన్నావని నా మొహం మీద అడిగింది ఈవిడొక్కతే. అడిగింది కాబట్టి నేను చెప్పుకోగలిగాను. మిగతావాళ్లెవరూ నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు."

సెక్యూరిటీ వాడి చేత సంచీ వెతికించిన మనిషి బల్ల కింద తన కాళ్లు చూసుకుంటున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, కళ్లద్దాలు తుడుచుకునే వంకతో కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు నా తెర మీద మొదటి విన్నపం వచ్చింది. స్టోర్సులో కొత్తగా చేరిన ఒకమ్మాయికి సరుకు ఇచ్చే అధికారం కావాలట. పంపింది సర్వరయ్య. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు. నేను నొక్కలేదు, ఫోన్ తీశాను.

"ఏమయ్యా మరిదీ, ఈ అమ్మాయి ఎవరు? ఎవరు చెప్తే అడుగుతున్నావు?"

అవతల నవ్వు వినబడింది. ఇన్నేళ్లలో ఆ గేటు లోపల అతను నవ్వడం అదే మొదటిసారి. "చెప్తా వదినగారూ, కాగితం పట్టుకొస్తున్నా" అన్నాడు. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి, తాళంచెవుల గలగల లేకుండా.